‘తక్కువ కాకపోతే’ అంటే ఎంత?

సాయంత్రం ఆరున్నరకి మా ఆఫీసు కుర్రాడి కోడ్‌లో ఒక తప్పు పట్టుకున్నాను. ఆరూ నలభైకి ఆ తప్పు నాదేనని తేలింది.

మాది సికింద్రాబాద్‌లో సరోజినీదేవి రోడ్డు నుంచి లోపలికి వెళ్లే సందులో, రెండో అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మొత్తం పదకొండు మందిమి. స్టేషన్ చుట్టుపక్కల, రేతిఫైల్ బస్టాండు వైపు దుకాణాలు పెట్టుకున్న ట్రావెల్ ఏజెంట్లకి లెక్కల సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. వాళ్లకి రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. కస్టమర్ ఫోన్ చేసి, “అన్నా, తిరుపతి టికెట్ క్యాన్సిల్ చేస్తే ఎంతొస్తది?” అంటాడు. క్యాన్సిల్ చేశాక ఎంత వచ్చిందో రైల్వే ఎలాగూ చెబుతుంది. చెయ్యకముందే చెప్పగలగడం ఏజెంటు పని. ఆ లెక్క వేసే భాగాన్ని తిరగరాయమని ఎనిమిది నెలల క్రితం చేరిన కుర్రాడికి అప్పగించాం. నల్గొండ జిల్లా నుంచి వచ్చాడు. ఇదే మొదటి ఉద్యోగం. మూడు రోజుల్లో రాసి, పుల్ రిక్వెస్ట్ పెట్టాడు.

పుల్ రిక్వెస్ట్ అంటే ఒకరకంగా అర్జీయే. ‘నేను రాసిన ఈ మార్పుల్ని అందరి కోడ్‌లో కలపండి’ అని. కలిపే ముందు ఇంకొకరు చదివి, పక్కన వ్యాఖ్యలు రాయాలి. ఈ అర్జీ చదవడం నా వంతుకొచ్చింది.

కోడ్ చూసేముందు రైల్వే నిబంధన చెప్పాలి. లేకపోతే ఏదీ అర్థం కాదు. 2015 నవంబరు 12 నుంచి అమల్లోకి వచ్చి, ఈ కోడ్ రాసేనాటికి నడుస్తున్న లెక్క ఇది. టికెట్ కన్ఫర్మ్ అయి ఉండి, రైలు బయల్దేరడానికి 48 గంటల కంటే ముందే రద్దు చేస్తే మనిషికి ఇంత అని కనీస ఛార్జీ కోసుకుంటారు. స్లీపరుకి 120 రూపాయలు, థర్డ్ ఏసీకి 180, సెకండ్ ఏసీకి 200, ఫస్ట్ ఏసీకి 240. 48 గంటల నుంచి 12 గంటల వరకు అయితే ఛార్జీలో 25 శాతం. 12 గంటల కంటే తక్కువై, 4 గంటల వరకు అయితే సగం. అయితే ఈ 25 శాతమో, సగమో పైన చెప్పిన కనీస ఛార్జీ కంటే తగ్గకూడదు. 4 గంటల్లోపు అయితే ఏమీ రాదు. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ టికెట్లకి అరగంట ముందు వరకు గడువు, మనిషికి 60 రూపాయల కోత. జీఎస్‌టీ సంగతి పక్కన పెడుతున్నాను. మా సాఫ్ట్‌వేర్‌లో అది వేరే చోట కలుస్తుంది.

కుర్రాడు రాసింది ఇదీ.

```python
def calc(t, c, f, h, n):
    if t != "CNF":
        if h >= 0.5:
            return f - 60 * n
        else:
            return 0
    else:
        d = {"1A": 240, "2A": 200, "3A": 180, "SL": 120}
        x = d[c] * n
        if h > 48:
            return f - x
        elif not h < 12:
            return f - (f * 0.25 if f * 0.25 > x else x)
        elif not h < 4:
            return f - (f * 0.5 if f * 0.5 > x else x)
        else:
            return 0
```

నేను చదివే పద్ధతి ఒకటుంది. ముందు కోడ్ చూడను. కాగితం మీద చేత్తో లెక్క వేసి, ఆ అంకెలు కోడ్‌కి ఇచ్చి చూస్తాను. నలుగురున్న కుటుంబం, స్లీపరు, ఒక్కొక్కరికి 400 చొప్పున మొత్తం 1600 అనుకుందాం. 50 గంటల ముందు రద్దు చేస్తే నాలుగు 120లు, 480 పోయి 1120 రావాలి. వచ్చింది. 20 గంటల ముందు అయితే 25 శాతం అంటే 400. కానీ కనీస ఛార్జీ 480 కాబట్టి అదే పోతుంది. మళ్లీ 1120. అదీ వచ్చింది. 6 గంటల ముందు అయితే సగం, 800. సరిపోయింది. 3 గంటలకి సున్నా. వెయిటింగ్ లిస్టు అయితే 240 పోయి 1360. అన్నీ సరే.

అంటే కోడ్ పనిచేస్తోంది. ఈ మాట ముందే ఖాయం చేసుకోవడం నాకు ముఖ్యం. ఎందుకంటే పనిచెయ్యని కోడ్ మీద రాసే వ్యాఖ్య వేరు, పనిచేసే కోడ్ మీద రాసే వ్యాఖ్య వేరు. మొదటిదానిలో సాక్ష్యం చేతిలోనే ఉంటుంది, ‘ఈ అంకె ఇస్తే ఇది రావాలి, అది వస్తోంది’ అని. రెండోదానిలో మిగిలేది ‘చదవడానికి కష్టంగా ఉంది’ అన్న మాట ఒక్కటే. అది విన్న కుర్రాడికి సహజంగా వచ్చే సందేహం, ‘ఎవరికి కష్టం?’ అని. అడగడు గానీ అనుకుంటాడు.

అంకెలన్నీ సరిపోయాక అప్పుడు కోడ్ చదవడం మొదలుపెట్టాను. `elif not h < 12` దగ్గర ఆగాను. సరిగ్గా 12 గంటల ముందు రద్దు చేస్తే? నిబంధన ‘12 గంటల వరకు’ అంటోంది కాబట్టి 25 శాతమే పడాలి. ఈ వరుస చూస్తే 12 మించితేనే 25 శాతంలోకి వెళ్తోంది, సరిగ్గా 12 అయితే కింది వరుసకి జారి సగం పడుతోంది అనిపించింది. మా కుటుంబం లెక్కలో 320 రూపాయల తేడా. దొరికిందనుకున్నాను. వెంటనే ఆ వరుస పక్కన రాసేశాను. “ఇది బగ్. సరిగ్గా 12 గంటలప్పుడు 25 శాతం పడాలి, ఇక్కడ 50 పడుతోంది.”

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. “మేడమ్, 12 గంటల కేసు టెస్టుల్లో పెట్టాను, 1120 వస్తోంది. నేనేమైనా మిస్ అవుతున్నానా?” దాని కింద టెస్టులోని ఈ వరుస.

```python
("CNF", "SL", 1600, 12, 4, 1120),
```

మిస్ అయింది నేను. 12 అనేది 12 కంటే తక్కువ కాదు. కాబట్టి `h < 12` అబద్ధం, దాని ముందు `not` పెడితే నిజం. సరిగ్గా 12 గంటలు 25 శాతంలోకే వెళ్తోంది. కోడ్ ముమ్మాటికీ కరెక్టు.

పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, ఒక్క వరుస తప్పు చదివాను. సిగ్గుపడటం రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత ఎందుకు తప్పు చదివానా అని చూసుకున్నాను. నేను `not h < 12` ని మనసులో ‘12 కంటే ఎక్కువైతే’ అని అనువదించుకున్నాను. ‘తక్కువ కాదు’ అంటే ‘ఎక్కువ’ అని. మాటల్లో మనం అలాగే వాడతాం. “వాడేం తక్కువ వాడు కాదు” అంటే సమానం అని ఎవరూ అనుకోరు, ఒక ఆకు ఎక్కువే చదివాడనుకుంటారు. లెక్కల్లో మాత్రం తక్కువకీ ఎక్కువకీ మధ్య సమానం అనేది కూర్చుని ఉంటుంది. `not` ఆ సమానాన్ని మౌనంగా తనతో తీసుకెళ్తుంది. `h >= 12` అని రాస్తే ఆ సమానం గుర్తు కళ్లకి కనబడేది. నేను పొరబడే అవకాశమే ఉండేది కాదు.

తెలుగులో రెండు కాదులు కలిసిన మాటలకి ఒక సొగసు ఉంది. ‘అనుమానం లేకపోలేదు’, ‘వచ్చే అవకాశం లేకపోలేదు’ అని పత్రికల్లో ఎంత రాసుకుంటామో. అక్కడ ఆ తడబాటే రుచి. డబ్బు లెక్కలో ఆ రుచి అక్కర్లేదు.

నేనెక్కడ ఆగానో చెప్పడం

ఈ పొరపాటుతో నాకొక మేలు జరిగింది. ‘ఎవరికి కష్టం?’ అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు వచ్చింది. నాకు కష్టం, ఇదుగో ఇక్కడ, ఇదుగో ఇలా. పనిచేసే కోడ్ మీద రాయగలిగిన సాక్ష్యం ఇదొక్కటే అని ఇప్పుడు నా నమ్మకం. చదివినవాళ్లు ఎక్కడ ఆగారు, ఏమనుకున్నారు, అసలేమిటి అన్నది. అది తీర్పులా వినపడదు, సమాచారంలా వినపడుతుంది. దాన్ని కాదనడానికీ ఏమీ ఉండదు.

పాత వ్యాఖ్యని చెరిపెయ్యలేదు. దాని కిందే రాశాను. మేం వ్యాఖ్యలు ఇంగ్లిషులోనే రాసుకుంటాం, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

“నువ్వే కరెక్టు, నేను తప్పు చదివాను. `not h < 12` ని `h > 12` అనుకున్నాను. నిబంధన తెలిసి, చేత్తో లెక్కవేసి చూసి కూడా నేను పొరబడ్డానంటే, ఆర్నెల్ల తర్వాత హడావుడిలో చూసేవాళ్లు పొరబడటం ఇంకా తేలిక. వాళ్లు ‘బగ్’ అనుకుని సరిచేస్తే నిజంగానే బగ్ అవుతుంది. ఇక్కడ `h >= 12`, కింద `h >= 4` అని రాస్తే ఫలితం అదే, చదివేవాళ్లకి సమానం కళ్ల ముందుంటుంది.”

ఇందులో ‘బగ్ అనుకుని సరిచేస్తే’ అన్న ముక్క కోసమే మిగతాదంతా రాశాను. చదవడానికి కష్టమైన కోడ్‌కి అసలు ప్రమాదం అది రాసిన రోజున ఉండదు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని మంచి మనసుతో పాడుచేసే రోజున ఉంటుంది.

1976లో ఐబీఎంలో మైకేల్ ఫేగన్ కోడ్ తనిఖీకి ఒక క్రమం రాసిపెట్టినప్పుడు, ఆ సమావేశంలో ‘రీడర్’ అనే ఒక పాత్ర పెట్టాడు. రాసింది ఉన్నదున్నట్టు అప్పజెప్పడం కాదు ఆ మనిషి పని, తన మాటల్లో వివరిస్తూ పోవాలి. వివరించలేక ఆగిన చోటే అనుమానం పుట్టే చోటు. ఇప్పుడు ఎవరి తెర ముందు వాళ్లం కూర్చుని మౌనంగా చదువుకుంటున్నాం గానీ, నేను మాత్రం అనుమానమొచ్చిన చోట తెలుగులో పైకి చదువుతాను. ఆ రోజు వ్యాఖ్య పంపేశాక అలా చదివితే, ‘48 దాటితే కనీస ఛార్జీ, లేదూ 12కి తక్కువ కాకపోతే…’ దగ్గర నాలుక తడబడింది. చెవి పట్టుకున్నదాన్ని కన్ను వదిలేసింది. పైకి చదవకుండా వ్యాఖ్య పంపడం ఆ రోజు నేను చేసిన రెండో తప్పు.

మొదటి తప్పు బటన్ దగ్గర. గిట్‌హబ్‌లో వరుస పక్కన వ్యాఖ్య రాశాక రెండు దారులుంటాయి. `Add single comment` నొక్కితే అది అప్పుడే అవతలివాళ్లకి చేరిపోతుంది. `Start a review` నొక్కితే వ్యాఖ్యలన్నీ మన దగ్గరే ఆగి, చివర్లో అన్నీ కలిపి పంపేదాకా ఎవరికీ కనబడవు. ఈలోగా మార్చుకోవచ్చు, చెరిపేసుకోవచ్చు. జూనియర్ల కోడ్‌కి ఎప్పుడూ రెండోదే వాడాలని అందరికీ చెప్పేదాన్ని. తప్పు దొరికిందన్న సంబరంలో నేనే మొదటిది నొక్కాను.

పదకొండులో ఐదు

మిగతా వ్యాఖ్యలకి మాత్రం బుద్ధిగా రెండో బటనే నొక్కాను. రాస్తూ పోతే పది అయ్యాయి. 12 గంటల దానితో కలిపి పదకొండు. ఇరవై వరుసలు లేని కోడ్‌కి పదకొండు వ్యాఖ్యలు. అన్నీ నిజమే, కానీ తెర తెరవగానే పదకొండు ఎర్రగీతల పరీక్ష పేపరులా ఉంటుంది. ఆరు తీసేశాను. ఏవి తీశానో చెబితే, ఏవి ఉంచానో తేలిగ్గా తెలుస్తుంది.

ఖాళీ వరుసల గురించీ, `return` తర్వాత వచ్చే `else` అక్కర్లేదనీ రాసినవి మూడు. అలాంటివి మనుషులు చెప్పుకోనక్కర్లేదు, ఫార్మాటరూ లింటరూ చెబుతాయి. డబ్బుని దశాంశాల్లో లెక్కపెట్టడం గురించి ఒకటి. అది మా కోడంతటా ఉన్న జబ్బు, ఈ కుర్రాడొక్కడి నెత్తిన రుద్దకూడదు. ‘నేనైతే ఇలా రాసేదాన్ని’ తరహావి రెండు. ‘నేనైతే’ అని మొదలైన వాక్యానికి కారణం జతచెయ్యలేకపోయాను. కారణం లేకపోతే అది ఇష్టం మాత్రమే.

మిగిలిన ఐదింటిలో ఒకటి 12 గంటలది. రెండోది పేర్ల గురించి.

“`calc` అన్న పేరు చూసి ఇది రద్దు ఛార్జీ ఇస్తుందనుకున్నాను. చివరి దాకా చదివాక తిరిగొచ్చే డబ్బు ఇస్తుందని తెలిసింది. దీన్ని పిలిచే చోట `calc(s, k, amt, hrs, p)` అని ఉంది, అక్కడ చదివేవాళ్లకి తెలుసుకునే దారి లేదు. `refund_amount` అంటే? అలాగే `h` అంటే గంటలని ఊహించాను. దేనికి ఎన్ని గంటలన్నది ఊహించలేకపోయాను. రైలు బయల్దేరడానికి మిగిలిన గంటలు కదా, `hours_left` సరిపోతుందేమో చూడు.”

‘పేర్లు అర్థవంతంగా పెట్టు’ అని రాయొచ్చు. అది పుస్తకంలో మాట. చదివినవాడు తలూపుతాడు, ఏ పేరు మార్చాలో తెలియక అన్నీ మారుస్తాడు, లేదా `calc` ని `calculate` చేసి ఊరుకుంటాడు. ఏ పేరు నన్ను ఏ తప్పుదారి పట్టించిందో చెబితే మార్చాల్సింది తనకే తెలుస్తుంది. నేను సూచించిన పేరు నచ్చకపోయినా పర్లేదు, ఆ తప్పుదారి మూసే ఇంకో పేరు వెతుక్కుంటాడు.

మూడోది: “`f * 0.25 if f * 0.25 > x else x` దగ్గర మూడుసార్లు ముందుకీ వెనక్కీ వెళ్లాను. నిబంధనలో ఉన్నది ‘ఏది ఎక్కువైతే అది’. పైథాన్‌లో దానికి సరిగ్గా సరిపడే మాట `max` ఉంది.” ఇంతే. కొన్నిటికి ఇంతకంటే అక్కర్లేదు.

నాలుగోదాని ముందు `nit:` అని పెట్టాను. చిల్లర సంగతి, చేస్తే చెయ్యి, లేకపోతే లేదు అని అర్థం. గూగుల్ తన ఇంజినీర్ల కోసం రాసి, బయటపెట్టిన రివ్యూ సూచనల్లోనూ ఈ అలవాటు ఉంది. ఈ మూడక్షరాలు జూనియర్ల విషయంలో చాలా పని చేస్తాయి. లేకపోతే పెద్దవాళ్లు రాసిన ప్రతి మాటా ఆజ్ఞే అనుకుంటారు, కామా గురించి రాసినా సరే. నేను రాసిన చిల్లర సంగతి, కనీస ఛార్జీల పట్టిక `d` ని ఫంక్షన్ బయటికి తెచ్చి `MIN_CHARGE` అని పేరు పెట్టమని. కారణం కూడా రాశాను. 2015లో ఈ ఛార్జీలు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. స్లీపరుకి 60 ఉన్నది 120 అయింది. గంటలూ మారాయి, అంతకుముందు 25 శాతం గడువు 6 గంటల వరకు ఉండేది. మళ్లీ మారిన రోజున మార్చేవాళ్లు వెతికేది 120 అనే అంకె కోసమే.

ఈ ఊళ్లో కూర్చుని రైల్వే లెక్కలు రాస్తున్నప్పుడు ఒక సంగతి గుర్తొస్తూ ఉంటుంది. దేశంలో ఎక్కడి నుంచి ఎక్కడికైనా టికెట్ ఇచ్చేలా రైల్వే సమాచార సంస్థ క్రిస్ తయారుచేసిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ మొట్టమొదట అమలైంది సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ కలిశాయి. 2015లో అంకెలు రెట్టింపు చెయ్యమన్న ఆదేశం వచ్చినప్పుడు, అంతకు ఎన్నేళ్ల ముందో రాసిన కోడ్‌ని ఎవరో తెరిచి చదివే ఉంటారు. రాసినవాళ్లూ చదివినవాళ్లూ ఒకర్నొకరు చూసి ఉండకపోవచ్చు.

ఐదో వ్యాఖ్యని అన్నిటికంటే పైన, మొత్తం రివ్యూకి ముందుమాటగా పెట్టాను. “ఐదు కేసులు చేత్తో లెక్కవేసి చూశాను, అన్నీ సరిపోయాయి. 48, 12, 4 మూడు అంచుల్నీ టెస్టుల్లో పెట్టడం వల్లే నా పొరపాటు పది నిమిషాల్లో బయటపడింది. కింద ఉన్నవన్నీ చదవడం గురించే, ఫలితం గురించి కాదు.” మెచ్చుకోలు కూడా వివరంగానే ఉండాలి. ‘గుడ్ జాబ్’ అంటే ఏ పని మళ్లీ చెయ్యాలో తెలియదు. అంచుల దగ్గర టెస్టులు పెట్టడం మంచిదంటే, వచ్చేసారీ పెడతాడు.

పంపేటప్పుడు గిట్‌హబ్ మళ్లీ అడుగుతుంది, `Comment`, `Approve`, `Request changes` లలో ఏదని. మూడోది నొక్కితే పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. మార్చేదాకా కలపడానికి వీల్లేదని చెప్పాల్సిన చోట అది వాడాలి. పనిచేస్తున్న కోడ్‌కి అది నాకు ఎక్కువనిపించింది. `Comment` నొక్కాను. ఇక్కడ మా ఆఫీసులోనే ఏకాభిప్రాయం లేదు. ‘ఎర్ర గుర్తు లేకపోతే మార్చరు’ అంటాడు నా పక్క సీటాయన.

‘కొంచెం’ అనే మాట

మా ఆఫీసులో అన్నిటికంటే ఎక్కువగా వినపడే రివ్యూ వ్యాఖ్య ఏదంటే, “కొంచెం క్లీన్ చెయ్యి.” మర్యాదగానే ఉంటుంది. ‘కొంచెం’ అన్న మాటలో ఎంత మృదుత్వమో. బస్సులో “కొంచెం జరగండి” అన్నట్టు. బస్సులో అవతలివాళ్లకి ఎటు జరగాలో కనబడుతుంది. కోడ్‌లో కనబడదు. నేను కొత్తగా చేరినప్పుడు, వేరే ఆఫీసులో, ఈ మాట అందుకుని రెండు రోజులు కోడంతా తిరగరాశాను. మూడో రోజు తెలిసింది, ఆయన చెప్పింది ఒక్క వరుస గురించి అని. ఆయన చాలా మంచివాడు. నా మనసు నొచ్చుకుంటుందేమోనని ఆ వరుస పేరెత్తలేదు.

ఇంకో చిక్కు భాషది. మాటల్లో అయితే “ఇది మారిస్తే బాగుంటుందేమో చూడు” అని తెలుగు తనంతట తానే మెత్తబడుతుంది. అదే మనిషి ఇంగ్లిషులో టైపు చెయ్యడానికి కూర్చుంటే `Rename this.` అని రెండు ముక్కల్లో ముగిస్తాడు. కోపం ఏమీ ఉండదు, టైపు చేసే బద్ధకం అంతే. చదివేవాడికి మాత్రం కేక వినపడుతుంది. దానికి ముందు `Please` తగిలిస్తే బాగుపడదు. ‘దీన్ని చూసి నేను ఛార్జీ అనుకున్నాను’ అన్న కారణం తగిలిస్తే కేక దానంతటదే పోతుంది. మెత్తదనం కోసం వేరే మాటలు వెతుక్కోనక్కర్లేదు.

మర్నాడు పొద్దున కుర్రాడు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

“మేడమ్, ఒకటడగొచ్చా? ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా. ఇవన్నీ మారిస్తే ఎక్కడైనా తప్పిపోతదేమోనని భయంగా ఉంది.”

ఆ భయం న్యాయమైనదే. నడుస్తున్న బండిని విప్పమంటున్నాం. “అన్నీ ఒకేసారి మార్చకు,” అన్నాను. “ముందు పేర్లు. టెస్టులు నడుపు, పచ్చగా ఉంటే కమిట్ చెయ్యి. తర్వాత `not` లు రెండూ తిప్పు. మళ్లీ టెస్టులు, మళ్లీ కమిట్. తర్వాత `max`. ఎక్కడ ఎర్రబడితే ఆ ఒక్క అడుగే వెనక్కి. నీ టెస్టులు అంచుల దగ్గర ఉన్నాయి కాబట్టే ధైర్యంగా చెబుతున్నా. అవి లేకపోతే ముందు అవి రాయమనేదాన్ని.”

“మీరే రాసిచ్చేస్తే ఒక్క క్లిక్‌తో పెట్టేసుకుంటా కదా మేడమ్?”

అదీ నిజమే. గిట్‌హబ్‌లో వ్యాఖ్యలోనే సవరణ రాసి ఇవ్వొచ్చు, అవతలివాళ్లు ఒక్క నొక్కుతో కలుపుకోవచ్చు. అక్షరదోషాలకి నేనూ వాడతాను. ఫంక్షన్ మొత్తానికి వాడితే అది అతని పేరు మీద నా కోడ్ అవుతుంది. రేపు ఏజెంటు ఫోన్ చేసి లెక్క తేడా ఉందంటే, సంజాయిషీ చెప్పాల్సిన వాడికి ఆ వరుసలు పరాయివి. ఇంత వివరంగా చెప్పలేదు. “నీ చేతులతో మార్చు, అరగంట పని,” అన్నానంతే.

గంటన్నర పట్టింది. నాలుగు కమిట్లు వచ్చాయి. కన్ఫర్మ్ టికెట్ల భాగం ఇలా తయారైంది.

```python
    minimum = MIN_CHARGE[travel_class] * passengers
    if hours_left > 48:
        return fare - minimum
    if hours_left >= 12:
        return fare - max(fare * 0.25, minimum)
    if hours_left >= 4:
        return fare - max(fare * 0.50, minimum)
    return 0
```

పైకి చదివి చూశాను. 48 దాటితే కనీస ఛార్జీ. 12 గానీ ఆపైన గానీ ఉంటే 25 శాతం, కనీస ఛార్జీల్లో ఏది ఎక్కువైతే అది. 4 గానీ ఆపైన గానీ ఉంటే సగం. లేదంటే సున్నా. రైల్వే కౌంటరు పక్కన అంటించే కాగితం లాగే ఉంది, అదే వరుసలో, అవే అంకెలతో. `else` ల మెట్లు కూడా వాటంతటవే పోయాయి, నేనడగకుండానే.

వెయిటింగ్ లిస్టు లెక్కని వేరే ఫంక్షన్‌గా విడదీస్తే బాగుంటుందని కుర్చీలో కూర్చున్నప్పుడు నోటిమాటగా అన్నాను. విడదీయలేదు. “నాలుగు వరుసలే కదా మేడమ్, విడదీస్తే చదవడానికి ఇంకో చోటికి వెళ్లాలి” అని రాశాడు. ఆలోచిస్తే అతను చెప్పిందే సబబు. ఒప్పుకుంటున్నానని రాశాను. చదివేవాళ్ల కాళ్లు ఎక్కడ ఆగుతాయో అతనే చూడటం మొదలుపెట్టాడని లోలోపల కొంత సంతోషం కూడా కలిగింది.

రివ్యూలు తప్పులు పట్టడానికే అనుకుంటాం. 2013లో మైక్రోసాఫ్ట్‌లో బాకెల్లీ, బర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు చూస్తే, అక్కడివాళ్లూ అందుకే అన్నారు. కానీ నిజంగా జరిగిన రివ్యూలు చదివితే వాళ్లనుకున్నంతగా తప్పులు పట్టింది లేదు. ఒకరి కోడ్ ఇంకొకరికి తెలియడం, జ్ఞానం చేతులు మారడం కనిపించాయి. మా దగ్గర ఆ వారం చేతులు మారిన జ్ఞానం ఎటునుంచి ఎటు వెళ్లిందో నేను కచ్చితంగా చెప్పలేను.

ఎందుకంటే కొత్త కోడ్ అంత శుభ్రంగా ఉండటంతో, పాత కోడ్‌లో ఇన్నాళ్లూ కనబడని ఒకటి కనబడింది. కనీస ఛార్జీ మనిషికి ఇంత అని నిబంధన. మేం పోల్చేది మొత్తం టికెట్ మీద. అందరిదీ ఒకే ధర అయితే తేడా రాదు. ఒకే పీఎన్‌ఆర్‌లో పూర్తి టికెట్ ఒకటి 600, రాయితీ టికెట్ ఒకటి 150 ఉన్నాయనుకోండి, స్లీపరులో. 20 గంటల ముందు రద్దు చేస్తే మొత్తం మీద 25 శాతం 187 రూపాయల 50 పైసలు, ఇద్దరి కనీస ఛార్జీ 240, కాబట్టి కోత 240 అంటుంది మా లెక్క. మనిషి మనిషికీ వేస్తే మొదటివారికి 150, రెండోవారికి 120, మొత్తం 270. ఏజెంటు కస్టమర్‌కి చెప్పినదానికంటే 30 రూపాయలు తక్కువొస్తాయి.

కుర్రాడే చూశాడు. ‘ఇది ఈ పుల్ రిక్వెస్ట్‌లోనే సరిచెయ్యనా?’ అని అడిగాడు. వద్దన్నాను. చదవడం కోసం చేసే మార్పూ, ఫలితం మార్చే మార్పూ ఒకే అర్జీలో కలిస్తే, రేపు ఏదైనా తేడా వస్తే దేనివల్లో తెలియదు. పైగా ఆ లోటు అతను తెచ్చింది కాదు. మొత్తం ఛార్జీని ఒకే అంకెగా పంపే పాత ఫంక్షన్ నుంచి వచ్చింది. అది ఆరేళ్ల క్రితం రాసింది నేనే. అందులో వేరియబుల్ పేర్లు `a`, `b`, `amt2`.

అతని కోడ్ ఆ సాయంత్రమే కలిపేశాం. రాయితీ టికెట్ల సంగతి వేరే టికెట్‌గా తెరిచాం. అది ఇంకా తెరిచే ఉంది, నా పేరు మీద.